ఆర్డర్ల పుస్తకం నుంచి ఫోన్‌కు మారుతున్నారా? ముందు వారం రోజులు రెండూ కలిపి నడపండి

పట్టణాల చుట్టుపక్కల కూరగాయలు పండించే చిన్న రైతులు చాలామంది ఇప్పుడు పది పన్నెండు మంది కలిసి అపార్ట్‌మెంట్లకు, మెస్‌లకు నేరుగా అమ్ముతున్నారు. మొదట్లో ఆర్డర్లు ఫోన్‌లో, వాట్సాప్‌లో తీసుకుని పుస్తకంలో రాసుకుంటారు. రోజుకు ముప్ఫై నలభై ఆర్డర్లు దాటగానే పుస్తకం సరిపోదు. అప్పుడు గూగుల్ ఫారం, షీట్ లాంటి పద్ధతికో, ఏదైనా ఆర్డర్ల యాప్‌కో మారతారు. ఫలానా రోజు నుంచి పుస్తకం మూసేశామని ఒక్కసారిగా మారితే కొత్త పద్ధతిలో ఉన్న లోపం తెల్లవారుజామున కోత దగ్గర బయటపడుతుంది. కోసిన పాలకూరను తిరిగి మడిలో పెట్టలేం. కొత్తిమీర తక్కువ పడితే ఆ పూట ఒక ఇంటికి సరుకు అందదు. అందుకే మారే ముందు వారం రోజులు పుస్తకాన్నీ కొత్త షీట్‌నూ పక్కపక్కన నడిపి, ప్రతి రాత్రి మొత్తాలు సరిచూసుకోవాలి. అది ఎలా చేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఏ వారం ఎంచుకోవాలి

వరుసగా ఏడు రోజులూ నడపాలి. శని, ఆదివారాల్లో ఆర్డర్లు ఎక్కువగా వస్తాయి, మామూలు రోజుల్లో కనబడని తప్పులు ఆ రద్దీలో బయటపడతాయి. పండుగ వారం, కోతలు ముమ్మరంగా ఉన్న వారం మాత్రం వద్దు. రెండు చోట్ల రాయడానికి, రాత్రి సరిచూడడానికి రోజూ అదనంగా ఒకటి రెండు గంటల పని ఉంటుంది. ఆ పని చేసే ఇద్దరికీ తీరిక ఉన్న వారం చూసుకోండి.

మొదటి రోజుకు ముందే తేల్చుకోవలసినవి

ఆ వారమంతా కోత, తూకం, బండి ఎక్కించడం పాత పుస్తకం ప్రకారమే జరగాలి. షీట్ పక్కన నడుస్తుందంతే. రెండు లెక్కలు వేరైతే ఏది చూసి కోయాలన్న వాదన తెల్లవారి నాలుగింటికి పొలం గట్టు మీద రాకూడదు. పుస్తకంలోనే తప్పు ఉందని రాత్రి తేలితే, పుస్తకం దిద్ది ఆ దిద్దిన లెక్క ప్రకారం కోయండి.

రోజు ఎప్పుడు ముగుస్తుందో కూడా గంట పెట్టుకోవాలి. ఉదాహరణకు రాత్రి 8 గంటల వరకు వచ్చినవి మర్నాటి కోతకు, తరువాత వచ్చినవి ఆ పై రోజుకు. రెండు చోట్లా ఇదే గంట ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఒకదాన్ని చూసి మరొకటి నింపకూడదు. పుస్తకంలోని వరుసలు చూసి షీట్ నింపితే రెండూ సరిపోతాయి, కానీ పుస్తకంలోని తప్పు కూడా షీట్‌లోకి ఎక్కుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్‌ను ఇద్దరూ ఆ మెసేజ్ చూసే రాయాలి. ఫోన్‌లో వచ్చిన ఆర్డర్‌ను ముందు ఒక చీటీ మీద రాసి, నెంబరు వేసి, ఇద్దరూ ఆ చీటీ చూసి రాయాలి. పుస్తకం ఒకరు, షీట్ వేరొకరు రాస్తే ఇది తేలిక. చీటీలు పారేయకుండా వారం చివరి వరకు ఒక కవరులో పెట్టి ఉంచండి. తేడా వచ్చిన రాత్రి వాటితోనే పని.

రాత్రి ఏ మొత్తాలు చూడాలి

డబ్బు మొత్తం ఒక్కటే చూస్తే సరిపోదు. మూడు రకాల మొత్తాలు పక్కపక్కన రాసుకోవాలి: ఎన్ని ఆర్డర్లు, ఒక్కో కూరగాయ ఎన్ని కిలోలు లేదా కట్టలు, మొత్తం ఎన్ని రూపాయలు.

ఒక బృందం టమాటా కిలో 30, బెండ 50, వంకాయ 40, పాలకూర, కొత్తిమీర కట్ట 10 రూపాయల చొప్పున అమ్ముతోందనుకుందాం. సోమవారం రాత్రి లెక్క ఇలా వచ్చింది.

| | పుస్తకం | షీట్ | తేడా |
|---|---|---|---|
| ఆర్డర్లు | 36 | 35 | 1 |
| టమాటా, కిలోలు | 64 | 59 | 5 |
| బెండ, కిలోలు | 27 | 26 | 1 |
| వంకాయ, కిలోలు | 22 | 22 | 0 |
| పాలకూర, కట్టలు | 70 | 66 | 4 |
| కొత్తిమీర, కట్టలు | 58 | 58 | 0 |
| మొత్తం, రూపాయలు | 5430 | 5190 | 240 |

ముందు ఆర్డర్ల సంఖ్య చూడండి. షీట్‌లో ఒకటి తక్కువ. అంటే ఒక ఆర్డర్ పూర్తిగా రాలేదు. చీటీలు తిరగేస్తే రాత్రి 8.20కి వచ్చిన ఫోన్ ఆర్డర్ దొరికింది: టమాటా 2 కిలోలు, బెండ కిలో, పాలకూర 4 కట్టలు, మొత్తం 150 రూపాయలు. పుస్తకం రాసేవారు అలవాటు కొద్దీ సోమవారం పేజీలో వేశారు. షీట్ గంట చూసి దాన్ని మంగళవారంలోకి తోసింది. ఇలాంటి తేడాకు ఒక గుర్తు ఉంది: ఇవాళ తగ్గినంత సరుకు రేపు అదే షీట్‌లో ఎక్కువ కనబడుతుంది. ఆర్డర్ ఎక్కడికీ పోలేదు, రోజు మారిందంతే. ఇక్కడ మార్చవలసింది పుస్తకం రాసే అలవాటు. 8 దాటాక వచ్చే పాత ఖాతాదారులకు మినహాయింపు ఇవ్వాలనుకుంటే, మీ షీట్‌లో గంటే మార్చండి.

ఆ ఆర్డర్ తీసేస్తే బెండ, పాలకూర సరిపోయాయి. టమాటాలో ఇంకా 3 కిలోలు, డబ్బులో 90 రూపాయలు మిగిలాయి. 30 చొప్పున 3 కిలోలంటే సరిగ్గా 90. కాబట్టి వెతకవలసింది 3 కిలోల టమాటా ఉన్న ఆర్డర్‌నే. అది షీట్‌లో ఉంది, కాని గడిలో 3 అని కాకుండా "3 కిలోలు" అని ఉంది. అంకెతో పాటు మాట ఉన్న గడిని షీట్ అంకెగా లెక్కించదు. కూడికలో దాన్ని వదిలేస్తుంది, తప్పు ఉందని కూడా చెప్పదు.

దీన్ని పట్టుకోవడానికి ప్రతి కూరగాయ గడుల కింద ఈ రెండు సూత్రాలు పెట్టుకోండి. టమాటా C వరుసలో ఉంటే:

```
=COUNT(C2:C200)
=COUNTA(C2:C200)
```

మొదటిది అంకెలున్న గడులను మాత్రమే లెక్కిస్తుంది. రెండవది ఏదో ఒకటి రాసి ఉన్న గడులన్నిటినీ లెక్కిస్తుంది. రెండూ సమానంగా లేకపోతే ఎక్కడో అంకె బదులు మాట పడిందని అర్థం. మళ్లీ రాకుండా ఉండాలంటే ఫారంలో ఆ ప్రశ్నకు Response validation లో Number ఎంచుకోండి. అప్పుడు అంకె తప్ప మరొకటి రాస్తే ఫారం తీసుకోదు.

డబ్బు సరిపోయినా తప్పు ఉండవచ్చు

బుధవారం ఆర్డర్లూ డబ్బూ రెండు చోట్లా ఒక్కటే వచ్చాయి. కాని పుస్తకంలో పాలకూర 62, కొత్తిమీర 50 ఉంటే, షీట్‌లో పాలకూర 58, కొత్తిమీర 54 ఉన్నాయి. పాలకూర 4 కట్టలు కొత్తిమీర గడిలో పడ్డాయి. రెండిటి ధరా 10 రూపాయలే కాబట్టి డబ్బులో తేడా కనబడలేదు. షీట్ చూసి కోసి ఉంటే నాలుగు కట్టల పాలకూర తక్కువై, నాలుగు కట్టల కొత్తిమీర మిగిలేది. కూరగాయల వారీగా మొత్తాలు చూడమనేది ఇందుకే. ఫారంలో ఒకే ధర ఉన్న ఆకుకూరలను పక్కపక్కన పెట్టకుండా దూరంగా పెడితే ఈ పొరపాటు తగ్గుతుంది.

తేడాను బట్టి కారణం వెతకడం

ఆర్డర్ల సంఖ్య సరిపోయి ఒకే కూరగాయలో తేడా వస్తే, ఆ తేడాను 9తో భాగించి చూడండి. నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారై ఉండవచ్చు. ఒక మెస్ 12 కిలోల టమాటా అడిగితే 21 అని ఎక్కించారనుకోండి. తేడా 9 కిలోలు, డబ్బులో 270 రూపాయలు. 35ను 53గా రాసినా, 46ను 64గా రాసినా తేడా 18, అదీ 9తో పోతుంది. ఇది కచ్చితమైన రుజువు కాదు, కాని ముందు పెద్ద ఆర్డర్లు చూడాలని చెప్పే గుర్తు.

షీట్‌లో ఒక ఆర్డర్ ఎక్కువగా ఉంటే ఒకే ఇంటిది రెండుసార్లు ఎక్కిందేమో చూడండి. ఖాతాదారు మెసేజ్ పెట్టి, అందిందో లేదోనని మళ్లీ ఫోన్ చేస్తారు. పుస్తకం రాసే పాత మనిషి గొంతు గుర్తుపట్టి మళ్లీ రాయరు. కొత్తగా ఎక్కించేవారికి అది తెలియక మరో ఆర్డర్‌గా వేస్తారు. ఫ్లాట్ నెంబరు వారీగా వరుస పెట్టి చూస్తే రెండూ ఒకదాని కింద ఒకటి కనబడతాయి.

ఏ తేడా వచ్చినా కారణం దొరికే వరకు షీట్‌లో మొత్తాన్ని పుస్తకానికి సరిపోయేలా దిద్దకండి. తేదీ, ఎంత తేడా, కారణం, ఏం మార్చాం అని ఒక కాగితం మీద రాయండి. అదే కారణం మళ్లీ వచ్చిందంటే మార్పు పనిచేయలేదని ఆ కాగితం చెబుతుంది.

ఈ సరిచూపుకు దొరకనివి

ఎవరూ రాసుకోని ఫోన్ ఆర్డర్ రెండు చోట్లా ఉండదు కాబట్టి రెండు లెక్కలూ సరిపోతాయి. రెండు చోట్లా పాత ధరే వేసినా అంతే. వీటిని పట్టుకోవడానికి బండి ఎక్కించేటప్పటి తూకాన్ని, సాయంత్రం చేతికొచ్చిన డబ్బును, చెల్లించని బాకీలను కూడా ఆ రోజు మొత్తంతో పోల్చుకోవాలి. సరుకు రాలేదని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ ఫిర్యాదునూ తేడాల కాగితం మీద రాయండి.

శని, ఆదివారాల్లో పది మంది ఖాతాదారులను స్వయంగా ఫారం నింపమని అడగండి. మీవాళ్లు నింపినప్పుడు రాని తప్పులు వాళ్లు నింపినప్పుడు వస్తాయి. వాళ్ల ఆర్డర్లను షీట్ మొత్తం చూసి కాకుండా, ఒక్కొక్కరి జవాబు చూసి పుస్తకంలో రాయండి.

ఎప్పుడు మారాలి

చివరి మూడు రోజుల్లో వచ్చిన ప్రతి తేడాకూ కారణం దొరికి, ఆ కారణాలలో ఏదీ మళ్లీ రాకపోతే మారవచ్చు. తేడాలు అసలే రాకూడదని పట్టుబట్టనక్కరలేదు, కారణం తెలియని తేడా ఉండకూడదు. ఉంటే ఇంకో వారం నడపండి. అప్పటికీ కారణం దొరకకపోతే ఆ ఫారంనో యాప్‌నో పక్కనపెట్టి, దాని అమరికను మొదటి నుంచి చూసుకోవాలి. నెలల తరబడి రెండూ నడిపితే రాసేవారు విసిగి ఒకదాన్ని చూసి మరొకటి నింపడం మొదలుపెడతారు.

మారే రాత్రి పుస్తకంలో చివరి ఆర్డర్ కింద గీత గీసి తేదీ వేయండి. ఇంటింటి బాకీలు, ముందే ఇచ్చిన డబ్బు, ప్రతి వారం తప్పక వచ్చే ఆర్డర్లు షీట్‌లోకి ఎక్కించి, బాకీల మొత్తం, బాకీ ఉన్న ఇళ్ల సంఖ్య రెండు చోట్లా ఒక్కటేనా అని చూసుకోండి. ఆ తర్వాత పుస్తకంలో ఒక్క ఆర్డర్ కూడా రాయకూడదు. కాని పుస్తకాన్ని భద్రంగా ఉంచండి, పాత బాకీ మీద మాట వస్తే అదే ఆధారం. కరెంటు, సిగ్నల్ లేని పూటల కోసం నెంబర్లు వేసిన ఖాళీ చీటీల కట్ట ఒకటి ఫోన్ దగ్గరే పెట్టుకుని, సిగ్నల్ రాగానే వాటిని నెంబరు వరుసలో షీట్‌లో ఎక్కించండి.