మూడు ఫోన్లు, ఒకే కొలత

పోయినసారి స్క్రిప్ట్‌లో నేను ఇలా రాసుకున్నా: "ఐఫోన్ 15లో 48 మెగాపిక్సెల్ కెమెరా ఉంది. గెలాక్సీ ఎస్24 స్క్రీన్ 120 హెర్ట్జ్. పిక్సెల్ 8కి 7 ఏళ్లు అప్‌డేట్స్ వస్తాయి." అది చదివి మా అక్క, "అయితే నేను పిక్సెలే కొంటా రా, మిగతావాటికి అప్‌డేట్స్ రావుగా!" అంది.

తప్పు నాదే. ఒక్కో ఫోన్‌ని ఒక్కో కొలతతో పొగిడా. అందుకే ఆ మూడు కొలతల్నీ అడ్డ వరుసలుగా పెట్టి, ప్రతి గడీ నింపా.

| | ఐఫోన్ 15 | గెలాక్సీ ఎస్24 | పిక్సెల్ 8 |
|---|---|---|---|
| మెయిన్ కెమెరా (మెగాపిక్సెల్) | 48 | 50 | 50 |
| స్క్రీన్ (హెర్ట్జ్) | 60 | 120 | 120 |
| అప్‌డేట్స్ (ఏళ్లు) | లాంచ్‌లో చెప్పలేదు | 7 | 7 |

చూశారా? పేరాలో పిక్సెల్‌కి మాత్రమే అన్నట్టు రాసిన 7 ఏళ్లు శాంసంగ్‌కీ ఉన్నాయి. ఐఫోన్ 60 హెర్ట్జ్ అన్న సంగతి పేరాలో అసలు లేనే లేదు, టేబుల్‌లో దాచడానికి చోటు లేదు.

ఆ "చెప్పలేదు" గడిలో పాత ఐఫోన్లని చూసి ఓ అంకె వేయాలనిపించింది. వేయలేదు. పక్క రెండూ కంపెనీలు ఇచ్చిన మాట, ఇది నా అంచనా అయిపోతుంది. ఒకే వరుసలో రెండూ కలపకూడదు కదా.

టేబుల్ చూశాక అక్క అడిగింది: "మరి ధర వరుస ఏదిరా?"