మిగిలిన సెలవులకు లెక్క అడగండి

డిసెంబరు వచ్చేసరికి పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కార్మికుడి ఖాతాలో 38 ఆర్జిత సెలవులు ఉన్నాయనుకుందాం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ప్రకారం కార్మికులు 30 సెలవులే వచ్చే ఏడాదికి తీసుకెళ్లగలరు. మిగతా ఎనిమిదింటికీ డబ్బు అడిగే హక్కు ఉంది. క్యాజువల్ లీవులు వేరు. వాటి సంగతి కంపెనీ నిబంధనల్లో చూసుకోవాలి.

హెచ్‌ఆర్‌కు నోటిమాటగా చెబితే తేలదు, మెయిల్ పెట్టాలి. ‘డిసెంబరు 31 నాటికి నా ఖాతాలో ఎన్ని సెలవులుంటాయి? ఎన్ని ముందుకెళ్తాయి? మిగతావాటికి ఏ రేటున, ఏ నెల జీతంలో చెల్లిస్తారు?’ అంటే చాలు.

రేటు దగ్గరే మెలిక. బేసిక్, డీఏ కలిపి నెలకు రూ.18,200 అయితే, 26తో భాగిస్తే రోజుకు రూ.700. ఎనిమిది రోజులకు రూ.5,600. అదే 30తో భాగిస్తే సుమారు రూ.4,853. ఏ అంకెతో భాగిస్తున్నారో ముందే రాయించుకోవాలి. ఉద్యోగంలో ఉండగా తీసుకునే ఈ సొమ్ముపై పన్ను మినహాయింపు లేదు.

ఇంకొకటి, చాలామందికి తెలియదు. నిబంధనల ప్రకారం సెలవు అడిగినా యాజమాన్యం ఇవ్వకపోతే, ఆ రోజులకు 30 పరిమితి వర్తించదు. అయితే రుజువుండాలి. ‘ఇప్పుడు కుదరదయ్యా’ అని సూపర్‌వైజర్ నోటితో అంటే, ఆ మాటే వాట్సాప్‌లోనైనా రాయమనండి.