రెజ్యూమేలో ఒక్క వాక్యం: పని పేరు నుంచి ఫలితం వరకు

ఉద్యోగార్థుల రెజ్యూమేలలో పాత ఉద్యోగం పేరు క్రింద తరచుగా కనిపించే వాక్యం ఒకటి ఉంది: ‘స్టోర్ పనులన్నీ చూసుకున్నాను.’ ఇది అబద్ధం కాదు. అయితే స్టోర్ కీపర్ హోదాలో ఎవరున్నా చేసే పని ఏమిటో మాత్రమే దీనివలన తెలుస్తుంది; ఈ వ్యక్తి ప్రత్యేకంగా చేసినదేమిటో తెలియదు. ఒకే ఉద్యోగానికి వచ్చిన పది దరఖాస్తులలోనూ ఇదే మాట ఉన్నప్పుడు, ఒకరిని ఇంటర్వ్యూకు పిలవడానికి కారణమేదీ కనిపించదు.

ఈ వాక్యాన్ని ఎలా మార్చవచ్చునో ఒక ఉదాహరణతో చూద్దాం. బెంగళూరు పీణ్య పారిశ్రామిక వాడలోని ఒక యంత్రభాగాల కర్మాగారంలో స్టోర్ కీపర్‌గా పనిచేసే వ్యక్తిని ఊహించుకొనండి. ఆయన మొదట వేసుకోవలసిన ప్రశ్న ‘నా బాధ్యతలేమిటి?’ అన్నది కాదు. ‘నేను వచ్చినప్పుడు స్టోర్ ఎలా ఉంది, నేనేమి చేశాను, తరువాత ఏమి మారింది?’ అన్నది. జవాబులు స్టాక్ రిజిస్టరులో దొరుకుతాయి. ఏప్రిల్ లెక్కింపులో 600 రకాల విడిభాగాలకు గాను 48 రకాలలో, రిజిస్టరులోని లెక్కకూ అరలో ఉన్న సరుకుకూ పొంతన కుదరలేదు. ఆయన రోజుకు 25 రకాల చొప్పున లెక్కించడం మొదలుపెట్టి, 24 పనిదినాలలో స్టోర్ మొత్తాన్ని ఒకసారి సరిచూసే క్రమాన్ని ఏర్పరచారు. సరుకు ఇచ్చిన వెంటనే అరకు తగిలించిన బిన్ కార్డులో నమోదు చేయించారు. అక్టోబరు లెక్కింపులో తేడా ఉన్న రకాలు 15కు తగ్గాయి.

ఇప్పుడు వాక్యం ఇలా మారుతుంది: ‘600 రకాల విడిభాగాలను రోజుకు 25 చొప్పున సరిచూసే పద్ధతి ప్రవేశపెట్టి, లెక్క తేడా ఉన్న రకాలను ఆరు నెలలలో 48 నుంచి 15కు తగ్గించాను.’ పని ఎంత పెద్దదో, ఆయన చేసినదేమిటో, దాని ఫలమేమిటో ఈ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. ‘కష్టపడి’, ‘సమర్థంగా’ వంటి విశేషణాల అవసరమే కలుగలేదు.

మన నగరాలలో రెజ్యూమేలను ఎక్కువగా ఆంగ్లంలోనే వ్రాస్తారు గనుక ఒక విషయం గమనించాలి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ఆంగ్ల రెజ్యూమేలో అది మొదటి మాట కావాలి. ‘రెస్పాన్సిబుల్ ఫర్’ అని మొదలుపెడితే చేసిన పని వెనుకకు పోతుంది. దాని స్థానంలో ‘ఇంట్రడ్యూస్డ్’, ‘రెడ్యూస్డ్’ వంటి భూతకాల క్రియతో ప్రారంభించండి. అయితే ఆ క్రియ నిజానికి సరిపోవాలి. పద్ధతిని ఆలోచించినది మేనేజరు, ఆచరణలో పెట్టినది మీరు అయితే ‘ప్రవేశపెట్టాను’ అనకూడదు. ‘అమలు చేశాను’ అనాలి. నలుగురు కలిసి చేసినదైతే ‘నలుగురి బృందంలో సభ్యునిగా’ అని చేర్చాలి.

అంకెల విషయంలో సాధారణంగా రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, మూలసంఖ్య చెప్పకుండా శాతం మాత్రమే వ్రాయడం. 48 నుంచి 15కు తగ్గడాన్ని ‘69 శాతం తగ్గింపు’ అనవచ్చు. కాని మూడింటిని ఒకటికి తగ్గించినా దాదాపు అంతే శాతం వస్తుంది. అసలు సంఖ్యలు ఉన్నప్పుడు అవే వ్రాయడం మేలు. రెండవది, వేరే కారణంతో వచ్చిన మార్పును తన ఖాతాలో వేసుకోవడం. అదే ఆరు నెలలలో కర్మాగారం కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి ఉంటే, లేదా 600 రకాలు 300కు తగ్గి ఉంటే, ఆ సంగతి చెప్పకుండా పోల్చడం సరికాదు.

కొన్ని పనులలో ముందు, తరువాత అని చూపగల లెక్క ఉండదు. అప్పుడు పని పరిమాణాన్ని చెప్పవచ్చు. ఒక వారంపాటు స్టోర్‌కు వచ్చిన ఇండెంట్లను లెక్కపెట్టి, రోజుకు సగటున 40 వచ్చినట్లు తేలితే ‘రోజుకు సుమారు 40 ఇండెంట్లకు సరుకు అందించాను’ అని వ్రాయండి. ‘సుమారు’ అన్న మాటను వదలవద్దు. సరుకు విలువ, కొనుగోలుదారుల పేర్లు వంటి సంస్థ రహస్యాలను మాత్రం రెజ్యూమేలోకి తేకూడదు.

వ్రాసిన ప్రతి వాక్యాన్నీ ఇంటర్వ్యూ చేసేవారి వైపు నుంచి ఒకసారి ప్రశ్నించండి: ఈ సంఖ్యను ఎలా లెక్కించారు? అంతకు ముందు ఎంత ఉండేది? ఇందులో మీరు స్వయంగా చేసినది ఎంత? మూడింటికీ తడబడకుండా జవాబు చెప్పగలిగితే ఆ వాక్యాన్ని ఉంచండి. చెప్పలేకపోతే, చెప్పగలిగినంత మేరకు దానిని తగ్గించి వ్రాయండి. ఉద్యోగం మానిన తరువాత రిజిస్టర్లు చూసే వీలుండదు గనుక, చేసిన పనుల లెక్కను ఉద్యోగంలో ఉన్నప్పుడే నెలకొకసారి సొంత నోటు పుస్తకంలో వ్రాసుకొనండి.