చివరి గుణకారం ఎక్కడ?

ఇంటర్మీడియట్‌లో మాత్రికలు చదివినవాళ్లకు సహచర ధర్మం గుర్తుండే ఉంటుంది. (AB)C అని చేసినా, A(BC) అని చేసినా జవాబు ఒకటే. పరీక్షకు అంతవరకు చాలు. కానీ జవాబు ఒకటే అయినా, దాన్ని రాబట్టడానికి పడే శ్రమలో చాలా తేడా ఉంటుంది.

20 అడ్డువరుసలు, 10 నిలువువరుసలు ఉన్న మాత్రికను 20×10 అంటాం. దాన్ని 10×100 మాత్రికతో గుణిస్తే 20×100 మాత్రిక వస్తుంది. అందులో 2,000 గడులు ఉంటాయి. ఒక్కో గడి నింపడానికి 10 గుణకారాలు కావాలి. మొత్తం 20,000. ఖర్చు లెక్క ఎప్పుడూ ఇంతే, మూడు కొలతలనూ గుణించడమే.

ఇప్పుడు నాలుగు మాత్రికలు తీసుకుందాం. A 20×10, B 10×100, C 100×30, D 30×40. వీటి వరస మార్చడానికి వీల్లేదు, బ్రాకెట్లు మాత్రం మన ఇష్టం. అవి ఐదు రకాలుగా పెట్టొచ్చు. ఎడమ నుంచి ((AB)C)D అంటూ పోతే 20,000, 60,000, 24,000 కలిపి 1,04,000 అవుతుంది. (AB)(CD) అయితే ఏకంగా 2,20,000.

ముందు చవకైనది చేసేద్దాం అని ఎవరికైనా అనిపిస్తుంది. పక్కపక్క జతల్లో AB ఖర్చు 20,000, BCకి 30,000, CDకి 1,20,000. కాబట్టి AB ముందు. కానీ AB చేయగానే మన చేతికి 20×100 మాత్రిక వస్తుంది. ఆ 100 అనే పెద్ద కొలత అలాగే మిగిలిపోయి, తర్వాతి గుణకారంలో 60,000 లాగేస్తుంది. అదే BC ముందు చేస్తే 100 అక్కడితో మాయమవుతుంది. మొదట్లో పదివేలు ఎక్కువ పెట్టినందుకు తర్వాత ఎంతో కలిసొస్తుంది.

అందుకే మొదటి గుణకారాన్ని పక్కనపెట్టి, చివరి గుణకారం ఎక్కడ పడుతుందో అడగాలి. బ్రాకెట్లు ఎలా పెట్టినా ఆఖరున ఒక గుణకారం మిగులుతుంది. అది గొలుసును ఒకచోట రెండు ముక్కలు చేస్తుంది. BCD అనే ముక్కను లోపల ఎలా లెక్కించినా బయటికి వచ్చేది 10×40 మాత్రికే. లోపలి బ్రాకెట్లు బయటి ఖర్చును మార్చలేవు కాబట్టి ఏ ముక్కకు ఆ ముక్కను వీలైనంత చవకగా చేసుకుంటే సరిపోతుంది. ఈ పద్ధతి బలమంతా ఈ ఒక్క మాటలోనే ఉందని నా అభిప్రాయం.

ఇక చిన్న ముక్కల నుంచి పెద్ద ముక్కలకు వెళ్లడమే. జతల ఖర్చు పైన చూశాం. మూడేసి ముక్కల్లో ABCని A(BC)గా చేస్తే 30,000కు 6,000 కలిపి 36,000. రెండో దారిలో 80,000. BCDని (BC)Dగా చేస్తే 42,000, లేకపోతే 1,60,000. ఈ రెండు ముక్కల చవక ఖర్చులు పట్టికలో రాసిపెట్టుకుని నాలుగింటికి వద్దాం. A తర్వాత విడగొడితే 42,000కు చివరి గుణకారం 8,000 కలిపి 50,000. B తర్వాత 2,20,000. C తర్వాత 60,000. అంటే A((BC)D) గెలిచింది, ఎడమ నుంచి చేసిన దానికి సగం కన్నా తక్కువలో. ముక్క ఎక్కడ విరిచామో కూడా పట్టికలో గుర్తుపెట్టుకుంటేనే ఆఖరున బ్రాకెట్లు తిరిగి రాయగలం.

నాలుగింటికి ఇంత హడావిడి ఎందుకనిపించొచ్చు. 20 మాత్రికలైతే బ్రాకెట్లు పెట్టే దారులు 176 కోట్లకు పైనే. ఈ పట్టికకు మాత్రం 1,330 విడగొట్టడాలు చూస్తే చాలు.

ప్రోగ్రామ్ రాసేటప్పుడు జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. పట్టికను ముక్క పొడవు ప్రకారం కాకుండా పై వరుస నుంచి కిందికి నింపేస్తారు. అప్పటికి BCD గడిలో ఇంకా సున్నానే ఉంటుంది. మన ఉదాహరణకు జవాబు 8,000 అని వస్తుంది. Aని BCDతో గుణించే ఆ చివరి మెట్టుకే 8,000 ఖర్చవుతుంది కదా, మిగతా రెండు గుణకారాలు ఉచితంగా ఎలా వస్తాయి? జవాబు మరీ తక్కువగా కనిపిస్తే ముందు నింపిన వరస చూడండి.

పైథాన్‌లో NumPy వాడేవాళ్లు ఇదంతా రాయక్కర్లేదు.

```python
A @ B @ C @ D
np.linalg.multi_dot([A, B, C, D])
```

మొదటి లైను ఎడమ నుంచి కుడికే పోతుంది. రెండోది చవకైన బ్రాకెట్లు వెతికి చేస్తుంది. అయితే ఇది లెక్కపెట్టేది గుణకారాల సంఖ్యనే. గడియారం చూపే సమయం సరిగ్గా అదే నిష్పత్తిలో తగ్గకపోవచ్చు, దశాంశాల్లో చివరి అంకెలు కాస్త తేడా రావచ్చు. సున్నాలతో నిండిన మాత్రికలకు ఈ ఖర్చు లెక్క వర్తించదు.

పట్టిక లేకుండానే గుర్తుంచుకోదగ్గ సందర్భం ఒకటుంది. A, B రెండూ 1000×1000, చివర v ఒక్క నిలువువరుస. A @ B @ v అని రాస్తే 100 కోట్ల పైచిలుకు గుణకారాలు. A @ (B @ v) అని రాస్తే 20 లక్షలు.