పత్తి రైతు క్యాలెండర్‌లో వానకూ కొన్ని రోజులు

మృగశిర కార్తె వస్తే పత్తి గింజ పెట్టాలన్న తొందర తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ ఉంది. జూన్ రెండో వారంలో ఓ మోస్తరు జల్లు పడగానే పక్క చేనులో అచ్చు తోలుతుంటారు. అది చూసి ఇంకో రైతు ఆగలేడు. ఆ తర్వాత పది పన్నెండు రోజులు చినుకు రాకపోతే మొలక నేలలోనే మాడిపోతుంది. ప్యాకెట్ సుమారు తొమ్మిది వందల రూపాయల చొప్పున మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ కూలీలను పిలవాలి.

ఈ నష్టం క్యాలెండర్‌లో తేదీ ఒక్కటే రాసుకోవడం వల్ల వస్తుంది. ప్రతి పనికీ మూడు విషయాలు రాసుకోవాలి: ఎప్పటి నుంచి చేయవచ్చు, ఏ షరతు కుదిరితే చేయాలి, ఎప్పటికి మించి ఆగకూడదు. మొదటి రోజుకూ చివరి రోజుకూ మధ్య ఉన్న వ్యవధే వానకు కేటాయించిన జాగా.

వరంగల్ వైపు నాలుగెకరాల నల్లరేగడి, ఒక బోరు ఉన్న రైతును ఊహించుకుందాం. విత్తే పనికి అతని నోటుబుక్కులో మొదటి రోజు జూన్ 10, చివరి రోజు జూలై 20. షరతు మాత్రం వాన. నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్లు కురిసి, నేల జానెడు లోతు వరకు తడిస్తేనే గింజ పెట్టాలి. పైపైన తడిసిన దుక్కి కంటికి నల్లగా, నిండుగా కనిపిస్తుంది. పారతో ఓ పెళ్ల తిరగేస్తే లోపలి పొడి మట్టి బయటపడుతుంది. జూలై 20 దాటినా పదును కుదరకపోతే పత్తి ఆలోచన మానుకుని కంది, ఆముదం వైపు మళ్లాలి. ఆలస్యంగా వేసిన పత్తికి పూత, కాత దశలో బెట్ట తగులుతుంది. గులాబీ పురుగు ఉధృతి పెరిగే రోజులూ అవే.

మన రైతుకు జూన్ 24న, ఆరుద్రలో పదును కుదిరిందనుకుందాం. అదే రోజు పేపరు గ్లాసుల్లో మట్టి నింపి కొన్ని గింజలు విడిగా పెట్టుకుంటే, మొలవని చోట రెండు వారాల్లో ఆ మొక్కలనే నాటుకోవచ్చు. విత్తిన రోజు నుంచే మిగతా లెక్కంతా మొదలవుతుంది. నత్రజనిని 20, 40, 60, 80 రోజులకు నాలుగు దఫాలుగా వేయాలని వ్యవసాయ విశ్వవిద్యాలయం సూచిస్తుంది. ఎకరాకు దఫాకు సుమారు 30 కిలోల యూరియా పడుతుంది. అంటే జూలై 14, ఆగస్టు 3, ఆగస్టు 23, సెప్టెంబరు 12. ఈ నాలుగు తేదీలకూ అటూ ఇటూ ఐదేసి రోజులు వదలాలి. యూరియాకు నేలలో తడి ఉండాలి కానీ, వేసిన మర్నాడే కుండపోత రాకూడదు. విత్తడం జూలై 10కి జరిగితే నాలుగు తేదీలూ పదహారు రోజులు వెనక్కి జరుగుతాయి. పాత తేదీలు కొట్టేసి కొత్తవి రాసుకోవడానికి పట్టే సమయం ఐదు నిమిషాలు.

పిచికారీ సంగతి వేరు. దానికి తేదీ ముందే నిర్ణయించుకోవడం పొరపాటు. క్యాలెండర్‌లో రాయాల్సింది చేను చూసే రోజు. మొదటి రెండు నెలలు వారానికోసారి ఆకు అడుగున పచ్చదోమ, తామర పురుగులు చూసుకోవాలి. 45వ రోజుకు, అంటే ఆగస్టు 8కి, గులాబీ పురుగు కోసం లింగాకర్షక బుట్టలు పెట్టాలి. బుట్టకు రోజుకు ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రోజులు పడితే మందు వేళ అయినట్టు. ఇంకో పద్ధతి కాయలు కోసి చూడడం. చేనులో అక్కడక్కడ ఇరవై పచ్చికాయలు తెంపి పగలగొడితే, రెండింట్లో గులాబీ రంగు పురుగు కనిపించినా పరిస్థితి హద్దు దాటినట్టే. రేకలు విచ్చకుండా గుత్తిగా ముడుచుకుపోయిన గుడ్డిపూలూ ఆ పురుగు గుర్తే.

హద్దు దాటిందని తేలాక వాతావరణం చూడాలి. భారత వాతావరణ శాఖ జిల్లాలవారీగా మంగళ, శుక్రవారాల్లో రాబోయే ఐదు రోజుల వ్యవసాయ సూచన ఇస్తుంది. మేఘదూత్ యాప్‌లో అది తెలుగులోనూ ఉంటుంది. ఆ ఐదు రోజుల్లో గాలి తక్కువగా ఉండి, కొట్టాక కనీసం ఐదారు గంటలు వాన లేని ఒక్క పూట దొరికితే చాలు. పని ఒక రోజుదే అయినా పుస్తకంలో దానికి నాలుగు రోజులు కేటాయించాలనడం ఇందుకే. పంపు, నీళ్లు, మనిషి సిద్ధంగా లేకపోతే ఆ పూట కాస్తా చేజారుతుంది. అయితే జిల్లా సూచన ఊరి వానను గీత గీసినట్టు చెప్పలేదు. ఉదయం ఆకాశం కూడా చూసుకోవాల్సిందే.

నీటి తడికి కూడా ఇదే సూచన అక్కరకొస్తుంది. పూత, కాత దశలో మూడు వారాలు బెట్ట పెడితే బోరు నీళ్లు చాలు విడిచి చాలు ఇవ్వాలి. మధ్యాహ్నం ఆకు వాలి సాయంత్రానికి లేచి నిలబడితే ఇంకా ఓపిక పట్టవచ్చు. పొద్దున్నే వాలి ఉంటే ఆగకూడదు. రెండు రోజుల్లో గట్టి వాన ఉందన్న సూచన ఉన్నప్పుడు నల్లరేగడికి తడి పెడితే చేను ఉరకెత్తి, వేళ్లకు గాలాడక గూడ, పూత రాలిపోతాయి. ఒకవేళ నీళ్లు నిలిస్తే ముందు కాలువ తీసి వాటిని బయటికి పంపాలి. ఆ తర్వాత లీటరుకు పది గ్రాముల పొటాషియం నైట్రేట్ పిచికారీ చేస్తే మొక్క కోలుకుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ జాగా వదలాల్సింది పత్తి తీతకు. జూన్ 24న వేసిన చేనులో అక్టోబరు రెండో వారానికి కాయలు పగులుతాయి, 20 ప్రాంతంలో మొదటి తీత వస్తుంది. బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టే కాలమూ సరిగ్గా అదే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను కోనసీమ, కృష్ణా తీరాల మధ్య ఒడ్డు దాటింది. దాని వానలు వరంగల్ దాకా ముంచెత్తి, తీతకొచ్చిన పత్తిని చేలోనే తడిపేశాయి. ఎకరాకు మూడు క్వింటాళ్ల చొప్పున పన్నెండు క్వింటాళ్లు విచ్చి ఉంటే, మనిషి రోజుకు 30 కిలోలు తీసినా పది మందికి నాలుగు రోజుల పని. అందుకే ఒకే తేదీన అంతా తీయిద్దామని ఆగకుండా సగం చేను విచ్చగానే ఒక దఫా పెట్టుకుని, కూలీలకు వారం రోజుల వ్యవధి చెప్పి ఉంచాలి. తుఫాను కబురు వస్తే మొత్తం పని ముందుకు జరపడానికి అప్పుడు వీలుంటుంది.

తీసిన పత్తికి మరో రెండు రోజులు కావాలి, ఆరబెట్టడానికి. భారత పత్తి సంస్థ 8 నుంచి 12 శాతం తేమ ఉన్న పత్తినే కొంటుంది. 2025–26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది 8 శాతం తేమకు వర్తించే ధర. ఆపై ప్రతి శాతానికీ ఒక శాతం చొప్పున కోత పడుతుంది. 12 శాతం తేమతో వెళ్తే 7,785 రూపాయల 60 పైసలే వస్తాయి. పన్నెండు క్వింటాళ్ల మీద తేడా దాదాపు 3,900 రూపాయలు. 12 దాటితే బండి వెనక్కి తిప్పుకోవాలి, లేదంటే ప్రైవేటు వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చేయాలి. మంచు ఆరాక పదింటికి తీత మొదలుపెట్టడం, టార్పాలిన్ మీద పలచగా పరిచి సాయంత్రానికి కప్పేయడం తెలిసిన పనులే. వాటికి రోజులు కేటాయించుకోవడమే చాలామంది మరచిపోయేది. కొనుగోలు కేంద్రానికి 2025 నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో ముందే స్లాట్ తీసుకోవాల్సి వస్తోంది. ఆ స్లాట్‌ను తీత తేదీ నుంచి కాకుండా, ఆరబెట్టడం పూర్తయ్యే తేదీకి ఇంకో రెండు రోజులు కలిపి లెక్కగట్టుకోవాలి.

నోటుబుక్కులో చివరి గడి డిసెంబరు నెలాఖరుది. మిగిలిన నాలుగు కాయల కోసం జనవరి, ఫిబ్రవరి దాకా పైరును ఉంచితే గులాబీ పురుగుకు వచ్చే వానాకాలం వరకూ ఆశ్రయం దొరుకుతుంది. అందుకే ఆ గడిలో పత్తి కట్టెను యంత్రంతో ముక్కలు చేయించి దుక్కిలో కలపాలని రాసుకోవాలి. యంత్రం అద్దెకిచ్చే వారికి నవంబరులోనే మాట చెప్పి పెట్టుకోవాలి. డిసెంబరులో ఊళ్లో రైతులంతా దాని కోసమే తిరుగుతుంటారు.