మ్యాపులో పచ్చరంగు సైకిల్‌కు భరోసా కాదు

విశాఖపట్నంలో ఆర్కే బీచ్ నుంచి భీమిలికి సైకిల్ మీద వెళ్లడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. సముద్రం పక్కనే జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట మీదుగా సాగే బీచ్ రోడ్డు ఒకటి. దాని దూరం సుమారు పాతిక కిలోమీటర్లు. రెండోది హనుమంతవాక దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, ఎండాడ, మధురవాడ, కొమ్మాది దాటి ఆనందపురం దాకా వెళ్లి, అక్కణ్నుంచి భీమిలి వైపు తిరిగే దారి. ఇది 30 కిలోమీటర్లు దాటుతుంది. ఊళ్లో ఎవరినడిగినా బీచ్ రోడ్డునే వెళ్లమంటారు. సలహా మంచిదే. అయితే ఆ రోడ్డులో ఏ కిలోమీటరు దగ్గర జాగ్రత్త పడాలి, ఏ వేళకు బయల్దేరాలి అన్న సంగతులు ఆ మాటలో లేవు. వాటిని మ్యాపు నుంచి రాబట్టవచ్చు. అందుకు ఎత్తుపల్లాలు, రోడ్డు రకం, ట్రాఫిక్ అనే మూడు పొరలను ఒకదాని మీద ఒకటి పెట్టి చదవాలి.

ముందు ఎత్తుపల్లాల సంగతి చూద్దాం. సైకిల్ దారులు గీసే యాప్‌లు ‘ఎలివేషన్ గెయిన్’ అని ఒక అంకె చూపిస్తాయి. దారి పొడుగునా ఎక్కిన మీటర్లన్నీ కూడితే వచ్చే మొత్తం అది. దిగినవాటిని అందులోంచి తీసెయ్యరు. భీమిలి కూడా సముద్రమట్టానికి దగ్గరే కదా, ఎక్కేదేముంది అనిపిస్తుంది. కాని బీచ్ రోడ్డు కైలాసగిరి పాదం దగ్గర లేస్తుంది, రుషికొండ దాటాక తొట్లకొండ వైపు మళ్లీ లేస్తుంది. లేచిన ప్రతిసారీ ఆ మీటర్లు లెక్కలో చేరతాయి.

ఆ మొత్తం ఒక్కటే చూస్తే మోసపోతాం. 120 మీటర్ల ఎక్కుడు 24 కిలోమీటర్ల పొడుగునా పరుచుకుని ఉంటే సగటున అర శాతం వాలు. కాళ్లకు తెలియనే తెలియదు. అదే 120 మీటర్లు రెండు కిలోమీటర్లలోనే ఉంటే 6 శాతం వాలు అవుతుంది. మామూలుగా తొక్కేవాళ్ల వేగం అక్కడ గంటకు 8 కిలోమీటర్లకు పడిపోతుంది. యాప్ మాత్రం రెండుచోట్లా 120 అనే చూపిస్తుంది. అందుకే అంకెను వదిలి దాని కింద కనిపించే గీతను చూడాలి. గీత ఎక్కడ నిటారుగా లేస్తోందో వేలితో తాకితే మ్యాపు మీద ఆ చోటు తెలుస్తుంది.

ఆ గీతను కూడా గుడ్డిగా నమ్మకూడదు. చాలా యాప్‌ల ఎత్తుల సమాచారానికి మూలం 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ 11 రోజులపాటు రాడార్‌తో చేసిన కొలత, లేదా అలాంటిదే మరో ఉపగ్రహ కొలత. భూమిని సుమారు 30 మీటర్ల గళ్లుగా విడగొట్టి, గడికొక ఎత్తు ఇస్తారు. మైదానంలో అది చాలు. కొండ పక్కనుంచి పోయే రోడ్డులో ఒక గడి రోడ్డు మీద, పక్క గడి కొండవాలు మీద పడుతుంది. రోడ్డు చదునుగా ఉన్నా గీత మీద రంపపు పళ్లు వస్తాయి, ఆ పళ్లన్నీ ఎక్కుడు లెక్కలో చేరిపోతాయి. ఒకే దారికి రెండు యాప్‌లు వేర్వేరు అంకెలు చూపడానికి ఇదొక పెద్ద కారణం. ఆ పళ్లను ఎంతవరకు చదును చేయాలన్నది ఒక్కో యాప్ ఒక్కో రకంగా నిర్ణయించుకుంటుంది. పొరపాటును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. యాభై మీటర్లలో 18 శాతం ఎక్కుడు, వెంటనే అంతే దిగుడు కనిపిస్తే అది రోడ్డు కాదు, కొలత తప్పు. కొత్త ఫ్లైఓవర్ల దగ్గర దీనికి తిరగబడి ఉంటుంది. పాత కొలతకు నేల మాత్రమే తెలుసు కనుక, మనం ఎక్కి దిగాల్సిన వంతెన గీత మీద చదునుగా కనిపించవచ్చు.

ఎక్కుడు అంటే ఆయాసమే అనుకుంటారు చాలామంది. నా దృష్టిలో అది ముందుగా భద్రతకు సంబంధించిన విషయం. ఒక చిన్న లెక్క చూడండి. ఒక రోడ్డు మీద మన దిశలో పది సెకన్లకొక వాహనం గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. చదును మీద మనం 20 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒక కిలోమీటరుకు 3 నిమిషాలు పడుతుంది. ఆ కిలోమీటరులో మనల్ని దాటిపోయే వాహనాలు దాదాపు 11. అదే కిలోమీటరు 6 శాతం ఎక్కుడై, మనం 8 కిలోమీటర్ల వేగంతో తొక్కితే ఏడున్నర నిమిషాలు పడుతుంది. అప్పుడు దాటిపోయేవి 38. రోడ్డు అదే, ట్రాఫిక్ అదే, పక్కనుంచి దూసుకుపోయే వాహనాలు మాత్రం మూడు రెట్లకు పైగా పెరిగాయి. పైగా నెమ్మదిగా తొక్కేటప్పుడు హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది. వాళ్ల వేగానికీ మన వేగానికీ మధ్య తేడా 30 నుంచి 42కు పెరుగుతుంది. రోడ్డులో అపాయం ఎక్కడుందో వెతకాలంటే మొదట ఎక్కుడు దగ్గర వెతకాలి, ఆ ఎక్కుడు ఎలాంటి రోడ్డు మీద ఉందో చూడాలి.

అది రెండో పొర. సైకిల్ యాప్‌లలో ఎక్కువభాగం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద ఆధారపడతాయి. అందులో ప్రతి రోడ్డుకూ ఒక తరగతి ఉంటుంది. మన దేశంలో జాతీయ రహదారులకు సాధారణంగా `trunk`, రాష్ట్ర రహదారులకు `primary`, జిల్లా ప్రధాన రోడ్లకు `secondary`, కాలనీ వీధులకు `residential` అని రాస్తారు. యాప్ ఒక్కో తరగతికి ఒక్కో బరువు వేస్తుంది. జాతీయ రహదారి మీద ఒక కిలోమీటరును మూడు కిలోమీటర్లుగా లెక్కపెడితే, కాస్త చుట్టు అయినా కాలనీ వీధే దానికి దగ్గరగా తోస్తుంది. ‘రోడ్డు సైకిల్’ అని ఎంచుకుంటే ఒక దారి, ‘టూరింగ్’ అని ఎంచుకుంటే మరో దారి రావడానికి కారణం ఈ బరువులే.

తరగతి పేరు వెడల్పును చెప్పదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. విశాఖ మీదుగా పోయే 16వ నంబరు రహదారీ `trunk`, హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా బీజాపూర్ వైపు పోయే 163వ నంబరు రహదారీ `trunk`. మొదటిది డివైడర్‌తో విశాలంగా ఉంటుంది. రెండోది మర్రిచెట్ల నీడన దశాబ్దాలపాటు రెండు లైన్ల రోడ్డుగానే ఉంది. ఎదురుగా లారీ, వెనక బస్సు ఒకేసారి వస్తే సైకిల్‌కు అంచు తప్ప చోటుండదు. రెండు లైన్ల రోడ్డుకు ఇరుపక్కలా ఒకటిన్నర మీటరు తారు అంచు ఉంటే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. ఆ అంచు ఉందో లేదో శాటిలైట్ చిత్రంలోనూ వీధి ఫొటోల్లోనూ చూడవచ్చు. తెల్లగీత అవతల తారు కనిపిస్తోందా, మట్టి కనిపిస్తోందా, తారుకూ మట్టికీ మధ్య మెట్టు ఉందా అన్నవి చూసుకోవాలి. మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. ఆ మెట్టు మీదనుంచి చక్రం జారితే పడేది రోడ్డు వైపే. సర్వీస్ రోడ్డు కనిపిస్తే సంతోషించి ఊరుకోవద్దు. మ్యాపులో దాన్ని వన్‌వేగా గీసినా, రాంగ్ రూట్లో బైకులూ ఆటోలూ ఎదురొస్తూనే ఉంటాయి. అయినా వాటి వేగం తక్కువ కనుక, ప్రధాన రోడ్డు మీది లారీలకన్నా అదే మేలని నా అభిప్రాయం.

మూడో పొర ట్రాఫిక్. ఇది కారు నడిపేవాళ్ల కోసం తయారైంది. గూగుల్ మ్యాప్స్‌లో రంగులు వాహనాలు ఎంత సాఫీగా కదులుతున్నాయో చెబుతాయి, ఎన్ని వాహనాలు ఉన్నాయో చెప్పవు. పచ్చరంగు అంటే అడ్డు లేకుండా వేగంగా పోతున్నారని అర్థం. ఖాళీ రోడ్డూ పచ్చగానే ఉంటుంది, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో లారీలు వరసకట్టి పోతున్న హైవే కూడా పచ్చగానే ఉంటుంది. ఎర్రగా ఉన్నచోట పొగ, చిరాకు ఉంటాయి గాని, వాహనాలు నడకవేగంతో కదులుతాయి కనుక తగిలినా దెబ్బ చిన్నది. ఏ రంగూ లేని చిన్నరోడ్డు దగ్గర యాప్‌కు సమాచారం లేదని మాత్రమే తెలుసుకోవాలి.

కాబట్టి ఈ పొరను ఒక్కసారి చూస్తే లాభం లేదు, వేళలవారీగా చూడాలి. కంప్యూటర్‌లో ‘Live traffic’ బదులు ‘Typical traffic’ ఎంచుకుంటే వారం, గంట మార్చుకుంటూ చూడవచ్చు. ఏడింటికి పచ్చగా ఉన్న రోడ్డు తొమ్మిదికి ఎర్రబడుతోందంటే, ఆ మధ్యలో దాని మీదికి వాహనాలు చేరుతున్నాయన్నమాట. రోజంతా పచ్చగానే ఉండే పెద్దరోడ్డునే ఎక్కువగా అనుమానించాలి. ఇంకో సంగతి కూడా ఉంది. చాలా నగరాల్లో పగలు లారీలను లోపలికి రానివ్వరు. అందువల్ల తెల్లవారుజామున అవి నిషేధం మొదలయ్యేలోగా ఊరు దాటాలని తొందరపడతాయి. పొద్దున్నే రోడ్డు ఖాళీ అన్న మాట బీచ్ రోడ్డుకు సరిపోతుంది గాని హైవేకు సరిపోదు.

ఇప్పుడు మూడూ కలిపి భీమిలి దారిని చూద్దాం. హైవే దారిలో ఎండాడ వైపు రోడ్డు కొండల నడుమ ఎక్కుతుంది. ఎక్కుడు, `trunk` తరగతి, పచ్చరంగు మూడూ అక్కడ ఒకేచోట కలుస్తాయి. మన వేగం బాగా తగ్గేది, వాళ్ల వేగం బాగా ఉండేది అక్కడే. ఆ ఒక్క కారణంతోనే ఆ దారిని కొట్టెయ్యవచ్చు. బీచ్ రోడ్డు మీద ఎక్కుడులున్నా లారీల తాకిడి తక్కువ. అయితే వెళ్లేటప్పటి దారీ వచ్చేటప్పటి దారీ ఒకటి కాదు. మనం ఎడమపక్క తొక్కుతాం కనుక, భీమిలి వైపు వెళ్లేటప్పుడు కొండవైపు ఉంటాం. కాలనీల నుంచీ కాలేజీల నుంచీ వచ్చే రోడ్లు కలిసేది ఆ పక్కనే. తిరిగొచ్చేటప్పుడు సముద్రంవైపు ఉంటాం. కలిసే రోడ్లు తక్కువ, కాని ఆగిన కార్ల తలుపులు తెరుచుకుంటాయి, బీచ్‌కు వచ్చినవాళ్లు రోడ్డు దాటుతుంటారు. ఆదివారం ఎండెక్కాక రుషికొండ దగ్గర ఇది మరీ ఎక్కువ. వేసవిలో, వానాకాలంలో తీరం వెంట గాలి తరచుగా నైరుతి నుంచి వీస్తుంది. వెళ్లేటప్పుడు వెన్నుతట్టే ఆ గాలి వచ్చేటప్పుడు ఎదురవుతుంది. అలసిన కాళ్లకు ఎదురుగాలి తగిలితే వేగం తగ్గుతుంది, దాటిపోయే వాహనాల లెక్క మళ్లీ పెరుగుతుంది. అందుకే తెల్లవారగానే బయల్దేరి, రద్దీ పెరగకముందే రుషికొండను వెనక్కి దాటేలా వేళ లెక్కవేసుకోవాలి. దిగుడుల దగ్గర, ముఖ్యంగా కైలాసగిరి కింద మలుపుల్లో, వేగాన్ని ముందే తగ్గించుకోవాలి.

గీసిన దారిని జీపీఎక్స్ ఫైలుగా దాచుకుని, మొదటిసారి తొక్కేముందు ఒకసారి స్కూటర్ మీద వెళ్లి చూసిరండి. గుంతలు, వీధికుక్కలు, కొత్తగా తవ్విన రోడ్లు ఏ పొరలోనూ కనిపించవు. చూసినవాటిని మీ దగ్గరే ఉంచుకోకండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన ఊళ్ల రోడ్లలో చాలావాటికి తారా మట్టా అన్నది కూడా ఇంకా ఎవరూ రాయలేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ ఆ ప్రశ్నలు అడుగుతుంది, నిలబడినచోటే జవాబు చెప్పవచ్చు. మీ ఊరి రోడ్డు ఎలా ఉందో అందులో నమోదు చేయండి.