చలికి పాలిపోయే వేళ్లు

ఆదిలాబాద్‌లో డిసెంబరు పొద్దున మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో అక్కడ కాపురమున్న వాళ్లకే తెలుసు. ఆ నీళ్లతో బియ్యం కడుగుతున్న మా చెల్లి ఉన్నట్టుండి గిన్నె దించేసి, "అక్కా, మళ్లీ వచ్చింది చూడు" అంటూ చెయ్యి చాపింది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు రెండో కణుపు దాకా పాలిపోయి ఉన్నాయి. ఎవరో గీత గీసినట్టు అక్కడి నుంచి కింద మామూలు రంగే. బొటనవేలికి ఏమీ కాలేదు. పాలిపోయిన వేళ్ల గోళ్ల కింద ఉండాల్సిన గులాబీరంగు పోయి మైనంలా కనిపించింది. గిల్లినా తెలియడం లేదంది. నాలుగైదు నిమిషాలకు ఆ తెలుపు నేరేడుపండు ఛాయలోకి తిరిగింది. చేతులు చంకల్లో పెట్టుకుని దుప్పటి కప్పుకుంటే పావుగంటకు వేళ్లు ఎర్రబడ్డాయి. అప్పుడు మొదలైంది జివ్వుమనే మంట. ఆ మంటకే తన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తెలుపు, నీలం, ఎరుపు వరుసగా కనిపించే ఈ స్థితిని డాక్టర్లు రేనాడ్స్ అంటారు. 1862లో పారిస్‌లో మారిస్ రేనాడ్ అనే యువకుడు వైద్యపట్టా కోసం రాసిన పరిశోధనలో దీన్ని వర్ణించాడు. ఆయన పేరే దీనికి నిలిచిపోయింది. నూటికి ముగ్గురి నుంచి ఐదుగురికి ఉంటుందని అంచనా. ఆడవాళ్లలో ఎక్కువ. ఎక్కువమందికి ఇది ఇబ్బందే తప్ప ప్రమాదం కాదు. కొద్దిమందికి మాత్రం లోపల మొదలవుతున్న పెద్ద జబ్బుకు ఇదే తొలి గుర్తు. ఈ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుందన్నదే అసలు విషయం.

ముందు వేలిలో ఏం జరుగుతోందో చూద్దాం. వేళ్ల చర్మానికి వచ్చే రక్తంలో చాలా భాగం ఆ చర్మం ఆకలి తీర్చడానికి కాదు, ఒంట్లోని వేడిని బయటికి పంపడానికి. అందుకే ఎండలో నాళాలు తెరుచుకుంటాయి, చలిలో ముడుచుకుంటాయి. ఇది అందరికీ ఉన్నదే. రేనాడ్స్ ఉన్నవాళ్లలో ఆ ముడుచుకోవడం హద్దు దాటుతుంది. నాళం గోడలోని కండరంలో నరాల సంకేతాన్ని అందుకునే కొన్ని గ్రాహకాలు మామూలుగా కణం లోపల దాగి ఉంటాయి. చల్లదనం తగలగానే అవి కణం పైకి వచ్చి కూర్చుంటాయి. దాంతో ఎప్పుడూ వచ్చే చిన్న సంకేతానికే నాళం పూర్తిగా బిగుసుకుపోతుంది. రక్తం రాదు కాబట్టి వేలు తెల్లబడుతుంది. లోపల మిగిలిన కొద్దిపాటి రక్తంలో ఆక్సిజన్ అయిపోయేసరికి నీలమవుతుంది. బిగువు సడలగానే రక్తం ఒక్కసారిగా ఉరికి వస్తుంది. ఎరుపూ మంటా దానివల్లే. మూడు రంగులూ అందరిలో కనబడాలని లేదు. కొందరికి తెలుపు, ఎరుపు మాత్రమే వస్తాయి.

ఇక్కడ మన చర్మం రంగు గురించి ఒక మాట చెప్పాలి. పుస్తకాల్లో ఉండే ఫోటోలు చాలావరకు తెల్లవాళ్ల చేతులవి. చామనఛాయ వేళ్లకు సుద్దలాంటి తెలుపు రాదు. బూడిద పూసినట్టో, పసుపు తిరిగినట్టో కనిపిస్తుంది. నీలం కూడా నల్లదనంలో కలిసిపోతుంది. అందుకని అరచేతి వైపూ గోళ్ల కిందా చూడాలి. పక్కన ఇంకొకరి చెయ్యి పెట్టి ఫోటో తీస్తే తేడా బాగా తెలుస్తుంది. ఫోటో ఎందుకంటే, ఆస్పత్రి మెట్లెక్కేసరికి వేళ్లు మామూలుగా అయిపోతాయి, డాక్టర్‌కు చూపించడానికి ఏమీ మిగలదు. మా చెల్లి మొదటిసారి వెళ్లినప్పుడు అదే జరిగింది. ఆ డాక్టర్ "రక్తం తక్కువేమో" అని ఐరన్ మాత్రలు రాసి పంపించారు.

రెండోసారి ఫోన్‌లో మూడు ఫోటోలు పట్టుకుని రుమటాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. ఆమె మొదట అడిగింది వయసు గురించి. ఇప్పుడు తనకు ఇరవై నాలుగు, ఇది మొదలై ఐదేళ్లు. రెండు చేతులకూ వస్తుందా? వస్తుంది. వేలి కొసల్లో పుండ్లు పడ్డాయా? లేదు. కీళ్ల నొప్పులు, నోట్లో పుండ్లు, ఎండకు ముఖం మీద దద్దుర్లు, మింగుడు పడకపోవడం? ఏవీ లేవు. తర్వాత ఆమె ఉంగరంవేలు గోటి మొదట్లో, చర్మం మడత మీద, ఒక చుక్క నూనె వేసి చిన్న పరికరంతో చూశారు. నన్నూ చూడమన్నారు. వెంట్రుక పిన్నుల్లా ఒంపు తిరిగిన సన్నని ఎర్రటి నాళాలు, దువ్వెన పళ్లలా వరుసగా ఉన్నాయి. "ఇలా సమంగా ఉంటే మంచిదమ్మా. ఉబ్బిపోయినా, తెగి రక్తం చిందినట్టున్నా, మధ్యలో ఖాళీలు కనిపించినా అప్పుడు అనుమానించాలి" అన్నారు. ఏఎన్ఏ అనే రక్తపరీక్ష కూడా చేయించారు, నెగెటివ్ వచ్చింది. పదిహేను, ముప్పై ఏళ్ల మధ్య మొదలవడం, రెండు చేతులకూ రావడం, పుండ్లు లేకపోవడం, గోటి దగ్గరి నాళాలు బాగుండడం, రక్తపరీక్ష సరిగ్గా ఉండడం. ఇవన్నీ కుదిరితే ఇది తనంత తానుగా ఉండే రకం, వెనక వేరే జబ్బు లేదన్నమాట.

అయితే ఆ ఏడాది ఎందుకు ముదిరింది? వాడుతున్న మందులన్నీ బల్ల మీద పెట్టమన్నారు డాక్టర్. అప్పుడు బయటపడింది. జూన్ నుంచి మా చెల్లి పార్శ్వనొప్పికి ప్రొప్రనొలాల్ వేసుకుంటోంది. అది మంచి మందే, కానీ రేనాడ్స్‌ను పెంచుతుంది. బీపీకి వాడే అటెనొలాల్ కూడా అదే జాతి. పార్శ్వనొప్పికే వాడే ఎర్గొటమిన్ నాళాలను నేరుగా ముడుస్తుంది. డాక్టర్ నెమ్మదిగా మోతాదు తగ్గించి మందు మార్చారు. ఇలాంటి మాత్రలను సొంతంగా ఒక్కరోజులో ఆపేయకూడదు. గుండె, బీపీ ఎదురు తిరుగుతాయి.

మా వీధిలోనే ఉండే టీచరమ్మ కథ వేరు. ఆమెకు వేళ్లు తెల్లబడడం మొదలైంది నలభై నాలుగో ఏట. పొద్దున్నే వేళ్లు ఉబ్బి ఉంగరం కదిలేది కాదు. చర్మం బిగుసుకుని మెరుస్తూ, మడత పెట్టి పట్టుకోవడానికి దొరికేది కాదు. నడిమివేలి కొసన గుండుసూది తలంత పుండు నెల దాటినా మానలేదు. చలికాలం కదా, పగుళ్లేమో అని వ్యాజలైన్ రాస్తూ వచ్చింది. చివరికి అది స్క్లెరోడెర్మా అని తేలింది. చర్మాన్నీ లోపలి అవయవాలనూ గట్టిపరిచే జబ్బు అది. అది ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా రేనాడ్స్ ఉంటుంది. తక్కిన లక్షణాల కంటే కొన్నేళ్ల ముందే వేళ్లు తెల్లబడడం తరచుగా జరుగుతుంది. ఊపిరితిత్తుల మీద దాని ప్రభావం త్వరగా పసిగడితే వైద్యానికి వీలుంటుంది. అందుకే నలభై దాటాక కొత్తగా మొదలైతే, ఒకే చేతికి వస్తుంటే, పుండు పడితే, చర్మం బిగుస్తుంటే పరీక్ష ఆలస్యం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

చేసే పని వల్ల వచ్చేదీ ఒకటుంది. 1918లో అమెరికాలోని ఇండియానా రాతి క్వారీల్లో గాలి సుత్తులు పట్టే కార్మికుల వేళ్లు చలిలో తెల్లబడడాన్ని ఆలిస్ హామిల్టన్ అనే డాక్టర్ పరిశీలించి రాశారు. ఏళ్ల తరబడి అదిరే యంత్రం పట్టుకుంటే వేలిలోని నాళాలూ నరాలూ దెబ్బతింటాయి. గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ చేసే మనిషికి వేళ్లు తిమ్మిరెక్కి, పొద్దున చలిలో పాలిపోతుంటే, అది వయసు వల్ల కాదు. అదురు తగ్గాలి, మధ్య మధ్య విరామం ఉండాలి. ముదిరాక పని మానేసినా పూర్తిగా పోకపోవచ్చు. బీడీ, సిగరెట్ తాగే కుర్రవాడి కాలివేళ్లు నల్లబడుతుంటే అది ఇంకో జబ్బు, బర్జర్స్. అందులో పొగాకు పూర్తిగా మానడమే ప్రధాన వైద్యం.

ఇక కాపాడుకోవడం. అందరూ ముందు గ్లౌజుల మీద పడతారు. నా మాట వింటే స్వెటర్ ముందు. ఛాతీ, పొట్ట చల్లబడితే మెదడు ముందుగా చేతుల రక్తాన్నే తగ్గిస్తుంది. గుండె చుట్టూ వేడి నిలుపుకోవడానికి అది చేసే ఏర్పాటు. అందుకని ఒంటిని రెండు మూడు పొరలుగా కప్పుకుని, తలకు మఫ్లర్ చుట్టుకుంటే వేళ్లకు మేలు. గ్లౌజులు వేడిని పుట్టించవు, ఉన్నదాన్ని ఆపుతాయి. కాబట్టి చేతులు వెచ్చగా ఉండగా ఇంట్లోనే వేసుకోవాలి. విడివిడి వేళ్లవాటి కంటే నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేవి మేలు, వేలికి వేలు వేడినిస్తుంది. న్యూజెర్సీలోనో షికాగోలోనో ఉన్న మనవాళ్లు కారు స్టీరింగ్ పట్టుకోకముందే ఈ జాగ్రత్త తీసుకోవాలి.

కావలసింది గడ్డకట్టే చలే కాదు, ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోవడం చాలు. మే నెల ఎండలోంచి ఏసీ గదిలోకి వచ్చినా, ఫ్రీజర్‌లోంచి పాల ప్యాకెట్ తీసినా వేళ్లు తెల్లబడవచ్చు. మనసు కలత పడ్డా అంతే, అదే నరాల వ్యవస్థ. మా చెల్లి ఇప్పుడు బియ్యం కడగడానికి గోరువెచ్చని నీళ్లు పెట్టుకుంటుంది. గిన్నెలకు రబ్బరు గ్లౌజుల లోపల నూలువి వేసుకుంటుంది.

వచ్చేసిందంటే ఒక చిన్న చిట్కా. చెయ్యి చాచి భుజం దగ్గరి నుంచి గుండ్రంగా తిప్పాలి, గాలిమరలా. ఆ ఊపుకు రక్తం వేళ్ల కొసలకు చేరుతుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచవచ్చు, కానీ వేడి చూడాల్సింది మోచేత్తో. మొద్దుబారిన వేలికి కాలుతున్నదీ తెలియదు. కుంపటి మీదా చలిమంట మీదా చేతులు పెట్టి బొబ్బలెక్కించుకున్న వాళ్లను నేను చూశాను. ఇవేవీ చాలనప్పుడు డాక్టర్లు సాధారణంగా నిఫెడిపిన్ లేదా అమ్లోడిపిన్ ఇస్తారు. ఇవి బీపీ మందులే, వేలి నాళాల బిగువునూ సడలిస్తాయి. తలనొప్పి, కాళ్ల వాపు, కళ్లు తిరగడం రావచ్చు. బీపీ ముందే తక్కువగా ఉన్నవాళ్లకు కుదరదు. కొందరు చలికాలం నాలుగు నెలలే వాడుకుంటారు.

వెచ్చచేసినా గంట దాటినా ఒక వేలు రంగు తిరిగి రాకపోయినా, నొప్పి తట్టుకోలేకపోయినా, కొస నల్లబడినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఇంకొక్కటి గుర్తుంచుకోండి. ఈ వేళ్లకు తగిలించిన ఆక్సిమీటర్ ఆక్సిజన్‌ను తక్కువగా చూపవచ్చు. షుగర్ పరీక్షకు పొడిచినా లెక్క తప్పవచ్చు. చేతులు వెచ్చబడ్డాకే మళ్లీ చూడండి.

మా చెల్లి ఫోన్‌లో ఫోటోల అలవాటు పోలేదు. నిరుడు చలికాలానివి ఇరవైకి పైగా ఉన్నాయి. ఈ డిసెంబరుది ఒక్కటే ఉంది. ఆ రోజు స్వెటర్ వేసుకోకుండా స్కూటీ మీద కూరగాయలకు వెళ్లింది.